పాలిసెట్ ఫలితాలు: తల్లిదండ్రులకు, విద్యార్థులకు మా సెంటర్ ప్రకటన

అమలాపురం

తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం.

పాలిసెట్ ఫలితాలు వచ్చాయి. మా వేసవి బ్యాచ్‌లో 64 మంది పరీక్ష రాశారు. మొత్తం 120 మార్కులకు 100 దాటినవాళ్లు 19 మంది. అందరికీ మనస్ఫూర్తిగా అభినందనలు.

మొదటి స్థానం, 117 మార్కులు: ఈ విద్యార్థి పేరు చెప్పవద్దని ఇంట్లోవాళ్లు కోరారు. విద్యార్థి మాట కూడా అదే.
రెండో స్థానం, 115 మార్కులు: సాయితేజ, అంబాజీపేట. ఫొటోకు ఒప్పుకున్నారు, బోర్డు మీద ఉంది.
మూడో స్థానం, 113 మార్కులు: హర్షిత. పేరు, మార్కుల వరకే అనుమతి ఇచ్చారు.

మొదటి స్థానంలో ఉన్నది అబ్బాయో అమ్మాయో, ఏ ఊరో, స్టేట్ ర్యాంకు ఎంతో కూడా ఇక్కడ రాయలేదు. వీటిలో ఒక్కటి తెలిసినా మన ఊళ్లో పేరు బయటపడటానికి అరగంట పట్టదు. దయచేసి మా స్టాఫ్‌ను అడగకండి, పిల్లలను అసలే ఆరా తీయకండి. పేరు లేనంత మాత్రాన ఆ కష్టం తగ్గిపోదు. ఆ విద్యార్థి రోజూ అందరికంటే ముందొచ్చి, ముందు రోజు తప్పిన లెక్కలు మళ్లీ చేసుకుని గానీ కొత్త చాప్టర్ మొదలుపెట్టేవారు కాదు. మాకు ఎంతో గర్వంగా ఉంది.

ఎవరి పేరుకూ ముందు ఇంటిపేరు రాయలేదు. ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. పిల్లల మార్కుల పక్కన ఆ లెక్క మాకు అక్కర్లేదు.

అనుమతి ఎలా తీసుకున్నామో కూడా చెప్పాలి. జాయిన్ అయ్యే రోజు ఫీజు రసీదుతో పాటు సంతకం పెట్టించుకుని, అదే అనుమతి అనుకోలేదు. ఫలితాలు వచ్చాకే కాగితం ఇంటికి పంపాం. పేరు, ఊరు, మార్కులు, ఫొటో, దేనికది విడిగా టిక్ పెట్టే కాగితం అది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి: ఫలితం వచ్చిన తర్వాతే విద్యార్థి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. పైగా వీళ్లంతా పదో తరగతి పూర్తిచేసిన పిల్లలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే చూస్తుంది. అందుకే అమ్మానాన్నల సంతకం తీసుకున్నాం, పిల్లలను విడిగా కూడా అడిగాం. ఒక ఇంట్లో నాన్నగారు ఫొటో వేయమన్నారు, పిల్లవాడు వద్దన్నాడు. వేయలేదు.

అవే మార్గదర్శకాల ప్రకారం ఇంకో మాట కూడా దాచకూడదు. వీళ్లు మా దగ్గర చదివింది 26 రోజుల పాలిసెట్ క్రాష్ కోర్సు, ఫీజు 3,500 రూపాయలు. పదేళ్లు చదువు చెప్పింది వాళ్ల స్కూలు మాస్టార్లు, టీచర్లు. ఈ మార్కుల్లో పెద్ద వాటా వాళ్లదే.

ఫ్లెక్సీ ఒక్కటే, అదీ మా సెంటర్ గుమ్మం ముందే. గడియార స్తంభం దగ్గర, బస్టాండు దగ్గర కట్టడం లేదు. పేపర్లలో పెట్టి పంచే కరపత్రాలు కూడా వేయించలేదు. రేపు ఎవరైనా మనసు మార్చుకుంటే ఇంటింటికీ వెళ్లిన కాగితాన్ని వెనక్కి తేలేం కదా. బోర్డు మీదున్నది మాత్రం మీరు ఫోన్ చేసిన రోజు సాయంత్రానికల్లా తీసేస్తాం. కారణం చెప్పక్కర్లేదు.

విలేకరులకు ఒక విన్నపం. "కూలీ బిడ్డకు ర్యాంకు", "తల్లి కువైట్‌లో, కూతురు టాపర్" లాంటి వార్తల కోసం మా దగ్గరికి వస్తున్నారు. కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండటం అందరికీ తెలిసిందే. కానీ ఏ ఇంట్లో అమ్మ ఎక్కడుందో, నాన్న ఏం పని చేస్తున్నారో, అప్పులెంతో ఆ ఇంటి సంగతి. వాళ్లంతట వాళ్లు చెబితే రాయండి. మా నోటితో చెప్పం, ఫోన్ నంబర్లు ఇవ్వం. కాలేజీల పీఆర్వోలకు కూడా ఇదే జవాబు. ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి పొద్దున్న ఆరింటికే మొదలయ్యే ఆ ఫోన్లతో ఇళ్లల్లో టెన్షన్ ఎంతుంటుందో మాకు తెలుసు.

తల్లిదండ్రులూ, సంతోషంలో ర్యాంకు కార్డు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. దాని మీద హాల్ టికెట్ నంబరు, తండ్రి పేరు ఉంటాయి. మార్కులు టైప్ చేసి చెప్పుకుంటే చాలు. మన గ్రూపులో పక్కవాళ్ల పిల్లల మార్కులు అడగవద్దు. తక్కువ వచ్చినవాళ్ల జాబితా మేము ఎక్కడా పెట్టం. ఎవరి మార్కులు వాళ్లకే, విడిగా కూర్చోబెట్టి చెబుతాం.

వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడంలో 64 మందికీ సాయం చేస్తాం, ఫీజు లేదు. సోమవారం నుంచి ఉదయం 9 గంటలకు మొదలు. ర్యాంకు కార్డు, టెన్త్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు ఉంటే అవి తెచ్చుకోండి. చూసి అప్పటికప్పుడే మీ చేతికిచ్చేస్తాం, జిరాక్సులు మా దగ్గర ఉంచుకోం.

ఇట్లు,
సెంటర్ నిర్వాహకులు, మాస్టార్లు