మరణశిక్షలో కలిసిపోయిన రెండు ప్రశ్నలు

తిరుపతి డిగ్రీ కళాశాల మూడవ సంవత్సరం విద్యార్థులు నీతిశాస్త్ర తరగతిలో శనివారం జరిగే చర్చకు ముందు చదువుకోవలసిన పాఠం

గత మంగళవారం తరగతిలో "అతి క్రూరమైన హత్య చేసినవాడికి ఉరి వేయవచ్చునా" అని అడిగినప్పుడు, ఉన్న నలభై ఒక్క మందిలో ముప్పై ముగ్గురు చేతులెత్తారు. "ఆ తాడు బిగించే పని మీకు అప్పగిస్తే చేస్తారా" అని అడిగితే ఇద్దరే ఎత్తారు. ఈ తేడాను చూసి ఉరిశిక్ష తప్పని రుజువైందని ఎవరూ అనుకోవద్దు. శవపరీక్ష చేయడానికి కూడా మనలో చాలామంది ముందుకు రారు గానీ, అంతమాత్రాన శవపరీక్ష అధర్మం కాదు. అయితే ఆ రోజు చేతులెత్తిన తీరులో ఒక విషయం బయటపడింది. మరణశిక్ష గురించి మనం ఒకే ప్రశ్న అడుగుతున్నామని అనుకుంటాము గానీ, నిజానికి రెండు అడుగుతున్నాము. ఈ నేరం చేసినవాడు చావుకు తగినవాడేనా అన్నది మొదటిది. ఆ చావును విధించి అమలు చేసే అధికారమూ సామర్థ్యమూ మనకు, అంటే రాజ్యానికి, ఉన్నాయా అన్నది రెండవది. మొదటిదానికి ఔనని చెప్పి రెండవదానికి కాదని చెప్పేవారు ఉండవచ్చు, వారి మాటలో వైరుధ్యం ఏమీ లేదు. ఈ పాఠం పొడుగునా ఏ వాదం ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నదో గమనిస్తూ చదవండి.

మదనపల్లె నుంచి వచ్చే విద్యార్థిని ఒకరు ఆ రోజు లేచి, "ముందు ఆ తల్లిదండ్రులను తలుచుకొని మాట్లాడండి సార్" అన్నారు. ఆమె అన్నది 2019 నవంబరులో కురబలకోట మండలం అంగళ్ళులో, పెళ్ళికి వచ్చిన ఐదేళ్ళ బాలికపై అత్యాచారం చేసి చంపిన కేసు గురించి. చిత్తూరులోని ప్రత్యేక న్యాయస్థానం 2020 ఫిబ్రవరిలో ఆ కేసులో మరణశిక్ష విధించింది. ఆమె మాటను భావావేశంగా కొట్టివేయడం సులభమే గానీ న్యాయం కాదు. పోయిన ప్రాణానికి విలువ కట్టని నీతివాదం ఎంత తర్కబద్ధంగా ఉన్నా లోటుగానే ఉంటుంది.

చట్టం గురించి క్లుప్తంగా తెలుసుకుందాము. హత్యకు యావజ్జీవ శిక్ష సాధారణమైతే, మరణశిక్ష విధించే న్యాయమూర్తి అందుకు ప్రత్యేక కారణాలు రాయాలని 1973 నాటి నేర విచారణ స్మృతి నిర్దేశించింది. 2023లో దాని స్థానంలో వచ్చిన చట్టంలోనూ ఆ నియమం కొనసాగుతున్నది. బచ్చన్ సింగ్ కేసులో 1980లో సుప్రీంకోర్టు మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనని నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో చెబుతూ, దాన్ని అత్యంత అరుదైన కేసులకే పరిమితం చేసింది. ఐదవవారైన జస్టిస్ భగవతి విభేదించారు. జిల్లా స్థాయిలో పడిన మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరిస్తేనే అమలు చేయవచ్చు.

ఇక మొదటి ప్రశ్నకు గట్టి జవాబు చెప్పినవాడు జర్మన్ తత్త్వవేత్త కాంట్. ఒక ద్వీపంలోని ప్రజలందరూ తమ సమాజాన్ని రద్దు చేసుకొని తలా ఒక దిక్కుకు వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నా, వెళ్ళే ముందు చెరసాలలో మిగిలిన చివరి హంతకుణ్ణి ఉరితీసి మరీ వెళ్ళాలని ఆయన 1797లో రాశాడు. అక్కడ భయపడి బుద్ధి తెచ్చుకోవడానికి ఎవరూ మిగలరు. శిక్ష వల్ల ఎవరికీ లాభం లేదు. అయినా శిక్షించాలి, ఎందుకంటే అది నేరానికి చెల్లవలసిన బాకీ. మన ఊళ్ళలో "చేసుకున్నవారికి చేసుకున్నంత" అన్న మాటకు ఇది దగ్గరగా వినిపించినా, రెండూ ఒకటి కావు. మన సామెత కర్మఫలాన్ని దేవుడికో కాలానికో వదిలేస్తుంది, కాంట్ దాన్ని న్యాయస్థానం చేతిలో పెడతాడు. ఈ వాదాన్ని పగతో కలపకూడదు. పగకు హద్దు ఉండదు, పగవాడి కొడుకునైనా కాటు వేస్తుంది. బాకీకి లెక్క ఉంటుంది. అంతేకాదు, హంతకుణ్ణి పిచ్చివాడిగానో మృగంగానో కాక, తెలిసి తప్పు చేసిన మనిషిగా గుర్తించడం అతణ్ణి ఒక విధంగా గౌరవించడమేనని కాంట్ అనుచరులు అంటారు.

ఇందులోని చిక్కు "తగినంత" అన్న మాటలో ఉంది. చిత్రహింసలు పెట్టి చంపినవాణ్ణి మనం చిత్రహింసలు పెట్టము, ఇల్లు తగలబెట్టినవాడి ఇంటిని తగలబెట్టము. నేరానికి సరిగ్గా అంత శిక్ష వేయకుండా ఎక్కడో ఆగుతున్నామంటే, నేరస్థుడి అర్హత కాక మరేదో మనల్ని ఆపుతున్నది. ఆ ఆపేది ఉరికి ముందే ఎందుకు ఆపకూడదని వ్యతిరేకులు అడుగుతారు. ఎక్కడో ఆగక తప్పదు గనుక, ప్రాణానికి ప్రాణం దగ్గర ఆగడమే అన్నిటికన్నా సహేతుకమని సమర్థకులు బదులిస్తారు. ఈ రెండు మాటలకూ బలం ఉంది.

ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పేవారికి బాకీలతో పని లేదు. ఉరి వల్ల మరికొన్ని హత్యలు ఆగుతాయా అన్నదే వారి విచారణ. ఇటలీకి చెందిన బెకారియా 1764లో, నేరాన్ని ఆపేది శిక్షలోని కాఠిన్యం కన్నా అది తప్పదన్న నమ్మకమేననీ, క్షణంలో ముగిసే చావు కన్నా ఏళ్ళ తరబడి కళ్ళెదుట కనిపించే ఖైదీ బతుకే చూసేవారిని ఎక్కువ బెదిరిస్తుందనీ వాదించాడు. 1868లో బ్రిటిష్ పార్లమెంటులో మరణశిక్షను సమర్థిస్తూ మాట్లాడిన జాన్ స్టువర్ట్ మిల్ కూడా ఇదే త్రాసు పట్టుకున్నాడు. అనుభవించేవాడికి తక్కువ బాధ కలిగిస్తూ, చూసేవాడికి ఎక్కువ భయం కలిగించే శిక్ష ఏదని ఇద్దరూ అడిగారు. బెకారియాకు ఆ జవాబు జీవితఖైదులో దొరికితే, మిల్‌కు ఉరిలో దొరికింది. ఒకే త్రాసు ఇలా రెండు వైపులా మొగ్గగలదన్న సంగతిని, శనివారం లెక్కల బలంతో గెలవాలనుకునేవారు గుర్తుంచుకోవాలి. మన దేశంలోనూ ఇదే జరిగింది. భారతదేశ పరిస్థితుల్లో రద్దు ప్రయోగం చేసే సాహసం వద్దని లా కమిషన్ 1967లో చెప్పింది. ఉగ్రవాదం, దేశం మీద యుద్ధానికి దిగడం అన్న నేరాలు తప్ప మిగిలిన అన్నిటికీ మరణశిక్షను రద్దు చేయాలని అదే లా కమిషన్ 2015లో చెప్పింది. అమెరికాలో జాతీయ పరిశోధన మండలి 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, ఉరి వల్ల హత్యలు తగ్గుతాయనో పెరుగుతాయనో తేల్చడానికి అవి పనికిరావని ప్రకటించింది. నా మటుకు నాకు, భయం మీద ఆధారపడిన వాదం రెండు పక్షాలకూ బలహీనమైనదే. దాన్ని ఎక్కువసేపు సాగదీసిన జట్టు ఓడిపోతుందని ముందే చెబుతున్నాను.

రెండవ ప్రశ్నకు వస్తే విషయం మరింత జటిలమవుతుంది. పౌరులు తమ రక్షణ కోసం రాజ్యానికి కొంత అధికారం అప్పగించారనుకుందాము. తమ ప్రాణాన్ని తీసే హక్కును కూడా అందులో కలిపి అప్పగించారా? లేదని బెకారియా అన్నాడు. హంతకుల చేతిలో చావకుండా ఉండడానికే, నేను హంతకుణ్ణైతే నన్ను చంపడానికి ఒప్పుకున్నానని రూసో అన్నాడు. ఈ సిద్ధాంత చర్చ కన్నా ఆచరణలోని చర్చ పదునైనది. 2009లో సుప్రీంకోర్టు తన పాత తీర్పొకటి 1980 నాటి సూత్రానికి విరుద్ధంగా వచ్చిందనీ, దాన్ని అనుసరించి మరికొన్ని కేసుల్లో మరణశిక్షలు పడ్డాయనీ స్వయంగా ఒప్పుకున్నది. పొరపాటు జైలుశిక్షలోనూ జరుగుతుంది గానీ, జైలు నుంచి మనిషిని వెనక్కు పిలవవచ్చు. దీనికి సమర్థకుల జవాబు ఏమిటంటే, రుజువుల ప్రమాణాన్ని పెంచండి, వడపోతను కఠినం చేయండి, అంతేగాని నేరం నిస్సందేహంగా తేలిన చోట శిక్షను ఎత్తివేయకండి. 2022లో సుప్రీంకోర్టు, నిందితుడి బాల్యం, కుటుంబ నేపథ్యం, మానసిక స్థితి, జైలులో నడవడిక మొదలైన వివరాలను కింది కోర్టులోనే సేకరించాలని నిర్దేశించడం ఈ వడపోతలో భాగమే. ప్లీడరుకు ఫీజు ఇచ్చుకోలేని కూలీకి ఆ వివరాలు ఎవరు పోగు చేస్తారన్న సందేహం మాత్రం తీరలేదు. పేదవాడి మీదే ఈ శిక్ష ఎక్కువగా పడుతుందన్నది జస్టిస్ భగవతి భిన్నాభిప్రాయంలోని ముఖ్యాంశం.

ఈ రెండు ప్రశ్నలూ ఢీకొన్న తెలుగు కేసు చిలకలూరిపేటది. 1993లో దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు బస్సుకు నిప్పు పెట్టగా ఇరవై ముగ్గురు కాలిపోయారు. మరణశిక్షను సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. హక్కుల సంఘాలు, రచయితలు ఉద్యమించగా, 1998లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. చంపాలని వారు బస్సెక్కలేదని ఒక పక్షం, పెట్రోలు పోసిన చేతికి ఆ మాత్రం తెలియదా అని మరొక పక్షం వాదించాయి. ఆ రోజులు గుర్తున్న పెద్దలు మీ ఇళ్ళలో ఉంటారు, అడిగి రండి.

ఇదంతా పడమటి నుంచి వచ్చిన చర్చ అనుకునేవారు శాంతిపర్వం చూడాలి. వధ్యులను చంపకపోతే ధర్మం నిలవదని ద్యుమత్సేనుడు అంటాడు. దొంగను చంపితే అతని మీద ఆధారపడిన భార్య, తల్లి, తండ్రి, పిల్లలు ఏ పాపం ఎరుగకుండానే చచ్చిపోతారని కొడుకు సత్యవంతుడు ఎదురు చెబుతాడు. పూర్వం నిందావాక్యమే శిక్షగా సరిపోయేదనీ, కాలం చెడి ఇప్పుడు వధ దాకా వచ్చిందనీ తండ్రి వాపోతాడు. సావిత్రి వాదించి యముడి పాశం నుంచి విడిపించుకు వచ్చిన సత్యవంతుడే ఈ మాట అంటున్నాడని గమనిస్తే, వాదానికి మరో రుచి వస్తుంది. నేరస్థుడి తల్లిని లెక్కలోకి తెచ్చిన ఈ దృష్టి, మదనపల్లె విద్యార్థిని గుర్తుచేసిన బాలిక తల్లి ఎదురుగా నిలబడి మాట్లాడగలదా? ఏ నీతివాదానికైనా అది కఠిన పరీక్షే.

క్షమించే హక్కు ఎవరిదన్న విషయం కూడా ఆలోచించండి. మన రాజ్యాంగం 72, 161 అధికరణాల కింద ఆ అధికారాన్ని రాష్ట్రపతికీ గవర్నరుకూ ఇచ్చింది. కొన్ని గల్ఫ్ దేశాల చట్టంలో హతుడి కుటుంబం పరిహారం తీసుకొని క్షమిస్తే ప్రాణం దక్కుతుంది, కువైట్‌కు వలస వెళ్ళినవారున్న మన పక్క ఊళ్ళకు ఇది వినికిడి ఉన్న సంగతే. నష్టపోయినవారికి గొంతు ఇవ్వడం అందులోని మేలు. డబ్బున్నవాడికే క్షమ అందడం అందులోని ప్రమాదం.

శనివారం పదిన్నరకు చర్చ మొదలవుతుంది. మంగళవారం ఉరికి చేతులెత్తినవారు రద్దు పక్షాన, ఎత్తనివారు సమర్థన పక్షాన మాట్లాడాలి. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ప్రతి ఒక్కరూ తాము జవాబు చెబుతున్నది రెండు ప్రశ్నల్లో దేనికో మొదటి వాక్యంలోనే చెప్పాలి. బాధితుల పేర్లు ఎత్తకూడదు. మదనపల్లె విద్యార్థిని, తాను ఏ పక్షానా చేరననీ, రెండు పక్షాలకూ ప్రశ్నలు మాత్రం వేస్తాననీ నిన్న వచ్చి అడిగారు. ఒప్పుకున్నాను. ఆమె కోసం ముందు వరుసలో ఒక కుర్చీ వదిలి పెట్టండి.