ఎంసెట్ టైము కాగితం: నీ ఆరు పేపర్ల నుంచి తీసింది

ఒరేయ్ తమ్ముడూ, నువ్వు రోజూ చూడాల్సింది ఈ పట్టిక ఒక్కటే. దీన్ని కత్తిరించి నీ టేబుల్ ముందు గోడకి అంటించుకో. కింద రాసినదంతా ఈ నంబర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పడానికి. అది ఒక్కసారి చదివితే చాలు.

పేపరు: 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రశ్నకి ఒక మార్కు. తప్పు రాస్తే కోత లేదు.

| స్క్రీన్ మీద మిగిలిన నిమిషాలు | పని | ఎంతసేపు |
|---|---|---|
| 180 నుంచి 145 | కెమిస్ట్రీ మొత్తం | 35 |
| 145 నుంచి 105 | మ్యాథ్స్ మొదటి చుట్టు | 40 |
| 105 నుంచి 60 | ఫిజిక్స్ | 45 |
| 60 నుంచి 12 | మ్యాథ్స్ రెండో చుట్టు | 48 |
| 12 నుంచి 6 | ఫిజిక్స్‌లో వదిలినవి | 6 |
| 6 నుంచి 0 | ఖాళీలు నింపడం | 6 |

పొద్దున 9 అనీ 10 అనీ రాయలేదు చూశావా. హాల్లోకి వాచీ తీసుకెళ్లనివ్వరు. కంప్యూటర్‌లో కనిపించేది ఎంత మిగిలిందో అదే, అదీ తగ్గుతూ పోతుంది. 145, 105, 60, 12, 6. ఈ అయిదు అంకెలు నోటికి వచ్చెయ్యాలి. షిఫ్టు పొద్దున పడినా మధ్యాహ్నం పడినా ఇవే. ఇంట్లో రాసేటప్పుడు కూడా గోడ గడియారం వద్దు, ఫోన్‌లో 180 నిమిషాల టైమర్ పెట్టి ఎదురుగా నిలబెట్టు.

నీ ఆరు పేపర్లు

ప్రతి గడిలో ముందు నిమిషాలు, తర్వాత రైట్ అయినవి.

| పేపరు | రాసిన వరస | మ్యాథ్స్ | ఫిజిక్స్ | కెమిస్ట్రీ | మొత్తం మార్కులు |
|---|---|---|---|---|---|
| 1 | మ్యా, ఫి, కె | 112 / 38 | 46 / 15 | 22 / 17 | 70 |
| 2 | మ్యా, ఫి, కె | 105 / 36 | 48 / 16 | 27 / 19 | 71 |
| 3 | మ్యా, ఫి, కె | 118 / 41 | 44 / 14 | 18 / 15 | 70 |
| 4 | మ్యా, ఫి, కె | 108 / 37 | 45 / 16 | 27 / 20 | 73 |
| 5 | కె, మ్యా, ఫి | 98 / 36 | 44 / 15 | 38 / 27 | 78 |
| 6 | కె, ఫి, మ్యా | 92 / 36 | 52 / 19 | 36 / 26 | 81 |

ఆరింటికీ సగటు తీసి నీ చేతిలో పెట్టెయ్యొచ్చు, కానీ అన్నీ ఒక్కలాంటివి కావు. రెండో పేపరప్పుడు కరెంటు పోయింది, నువ్వు టైమర్ ఆపి తొమ్మిది నిమిషాలు అరుగు మీద కూర్చున్నావు. ఆ తొమ్మిది నిమిషాలూ బుర్రలో లెక్కలు తిరుగుతూనే ఉంటాయి కదా. నాలుగో పేపర్లో కొన్ని ప్రశ్నలు కాలేజీలో ముందే చేయించారని నువ్వే చెప్పావు. అందుకే ఆ రెండూ పక్కన పెట్టి 1, 3, 5, 6 మీదే ఎక్కువ ఆధారపడ్డాను. అడగ్గానే నిజం చెప్పావు గనక సరిపోయింది, లేకపోతే ఈ కాగితం దండగ.

ఇప్పుడు 3, 6 పక్కపక్కన పెట్టి చూడు. మూడో పేపర్లో మ్యాథ్స్‌కి 26 నిమిషాలు ఎక్కువ పెట్టావు, దానికి వచ్చింది 5 మార్కులు. ఆరో పేపర్లో కెమిస్ట్రీకి 18 నిమిషాలు ఎక్కువ పెట్టావు, వచ్చింది 11. నీవే నిమిషాలు, నీవే మార్కులు. "మ్యాథ్స్ 80 ప్రశ్నలు కదక్కా, ముందు అది రాయాలి" అంటావు. 80 ఉన్న మాట నిజమే, కానీ కెమిస్ట్రీలో నీకు తెలిసిన ప్రశ్న ఇరవై సెకన్లలో అయిపోతుంది. దాన్ని ఆఖర్లో 18 నిమిషాల్లో ఇరికించి, తెలిసినవే చదవకుండా వదిలేశావు.

35 నిమిషాలే ఎందుకంటే, అయిదో పేపర్లో 38 తీసుకున్నావు గానీ ఆఖరి ఎనిమిది నిమిషాలు నాలుగు లెక్కల మీద పోయాయి. వాటిలో రైట్ అయింది ఒక్కటి. అందుకే మూడు నిమిషాలు కోసేశాను.

మ్యాథ్స్: అసలు చిల్లు ఇక్కడ

5, 6 పేపర్లలో ప్రతి ప్రశ్న పక్కన టైము రాయమన్నాను, విసుక్కుంటూనే రాశావు. రెండిట్లోవీ కలిపి 160 మ్యాథ్స్ ప్రశ్నలు, 190 నిమిషాలు. అవి ఇలా విడిపోయాయి:

| ఎంతసేపు పట్టింది | ప్రశ్నలు | నిమిషాలు | రైట్ |
|---|---|---|---|
| నిమిషం లోపు | 52 | 40 | 44 |
| 1 నుంచి 3 నిమిషాలు | 37 | 72 | 21 |
| 3 నిమిషాలు దాటినవి | 17 | 78 | 4 |
| చెయ్యనివి | 54 | 0 | 3 |

మూడో వరస ఇంకోసారి చూడు. 78 నిమిషాలకి 4 మార్కులు. నేను రెండుసార్లు కూడాను, తప్పేమైనా చేశానేమోనని. నువ్వు నెమ్మది అని నాన్న అంటాడు గానీ, నిమిషం లోపు చేసిన 52 చూస్తే ఎవరూ ఆ మాట అనరు. నీది నెమ్మది కాదు, పంతం. పట్టుకున్నది వదలవు.

ఆ 17లో ఆరు సర్కిల్స్, అయిదు డెఫినిట్ ఇంటిగ్రల్స్. సర్కిల్స్ నీకు ఇష్టమని తెలుసు, అందుకే ప్రమాదం. అయిదో పేపర్లోది ఒకటి నీ రఫ్ పుస్తకంలో దొరికింది. `x² + y² − 4x + 2y − 4 = 0`, `x² + y² + 2x + ky − 5 = 0` ఈ రెండు వృత్తాలు లంబంగా ఖండించుకుంటే k ఎంత. సూత్రం వెంటనే రాశావు: `2gg' + 2ff' = c + c'`. కానీ f' దగ్గర k/2 బదులు k వేశావు. −5/2 వచ్చింది, ఆప్షన్లలో లేదు. అక్కడ ఆగి ఒక్క లైను వెనక్కి చూస్తే `−4 + k = −9`, k = −5, అయిపోయేది. నువ్వు చూడలేదు. కేంద్రాలు, వ్యాసార్థాలు, దూరం, మళ్లీ మొదట్నుంచీ ఒక పేజీ నిండా. ఆరు నిమిషాలు. ఆఖరికి రైట్ పెట్టావులే, ఆ నాలుగు మార్కుల్లో ఇదొకటి. కానీ ఆ ఆరు నిమిషాల్లో ఫిజిక్స్‌లో ఎన్ని అయ్యేవో నువ్వే లెక్కేసుకో.

అందుకని మ్యాథ్స్ రెండు చుట్లు. మొదటి చుట్టులో 80 ప్రశ్నలూ చదువుతావు, నిమిషం లోపు అయ్యేవే చేస్తావు. ఒక్కో పేపరుకి అలాంటివి నీకు 26, వాటికి 20 నిమిషాలు. మిగతా 54 చదివి పక్కకి తొయ్యడానికి ఒక్కోదానికి ఇరవై సెకన్లు వేస్తే 18. మొత్తం 38, అందుకే 40 ఇచ్చాను. ఈ చుట్టులో సర్కిల్ కనిపిస్తే పలకరించి వచ్చెయ్, కూర్చోకు.

రెండో చుట్టులో మధ్య రకంవి 18 దాకా ఉంటాయి, ఒక్కోదానికి దగ్గర దగ్గర రెండు నిమిషాలు. 36, 37 నిమిషాలు అవుతాయి. మిగిలిన పదకొండు నిమిషాలు నీ పంతానికి వదిలేశాను. రెండో మూడో పెద్దవి పట్టుకో, అంతకుమించి వద్దు. రెండు నిమిషాలు అయ్యాక జవాబు దారి కనిపించకపోతే వదిలెయ్. కనిపిస్తున్నా మూడు దాటితే వదిలెయ్. ఆప్షన్లలో లేని జవాబు వస్తే ఆఖరి రెండు లైన్లే చూడు, మొదట్నుంచి మొదలుపెట్టకు.

ఖాళీలు

పట్టికలో చెయ్యనివి అని రాసిన 54లో నువ్వు ఏదో ఒకటి పెట్టినవి 13, అందులో 3 తగిలాయి. మిగతా 41 ఖాళీగా వదిలేశావు. కోత లేని పేపర్లో ఖాళీ ఎందుకురా? నాలుగిట్లో ఒకటి చొప్పున వేసుకున్నా పేపరుకి అయిదు మార్కులు, అదీ ఒక్క మ్యాథ్స్‌లోనే.

అయితే అన్నీ ఆఖర్లో నింపుదామంటే కుదరదు. మొన్న మా ల్యాబ్‌లో ప్రాక్టీస్ పేపరు తెరిచి చూశాను, పది ప్రశ్నలు ఊరికే నొక్కుకుంటూ పోవడానికి 55 సెకన్లు పట్టింది. నీకు 45, 50 మిగులుతాయి, అంటే నాలుగున్నర నిమిషాలు. ఆరులో పడుతుంది గానీ టెన్షన్‌లో చెయ్యి వణికితే కష్టం. కాబట్టి నీకు రాని చాప్టర్ అని మొదటి చుట్టులోనే తెలిసిపోతే, అక్కడికక్కడే ఒకటి పెట్టి Save & Next కొట్టు. ఏది పెట్టాలని ఆలోచించకు. కచ్చితంగా కాదని తెలిసిన ఆప్షన్ ఉంటే అది వదిలి మిగతావాటిలో ఒకటి. ఏదీ తెలియకపోతే మూడోది. మూడోదానికి మహిమేమీ లేదు, ఆలోచన తప్పించడానికే.

ఫిజిక్స్

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అయిదో పేపర్లో ఆఖర్లో రాస్తే 44 నిమిషాలకి 15, ఆరో పేపర్లో కెమిస్ట్రీ అయ్యాక మధ్యలో రాస్తే 52కి 19. అందుకే మధ్యలో పెట్టాను. 45, తర్వాత 6, మొత్తం 51. విడగొట్టడానికి కారణం: వదిలిన లెక్క గంట తర్వాత చూస్తే నీకు తట్టడం ఆరో పేపర్లో రెండుసార్లు చూశాను. రెండే కాబట్టి గట్టిగా చెప్పలేను, ఏడో పేపర్లో చూద్దాం.

ఎంత రావాలి

కెమిస్ట్రీ 27, ఫిజిక్స్ 20. మ్యాథ్స్‌లో చిన్నవి 22, మధ్యవి 10, పెద్దవాటిలో 1, ఊహించి పెట్టినవి 8, మొత్తం 41. అన్నీ కలిపి 88. నువ్వు కొత్తగా ఒక్క చాప్టర్ కూడా నేర్చుకోకుండా వచ్చే 88 ఇది. 85 దాటితే ప్లాన్ పనిచేసినట్టే. 80 దగ్గరే ఆగితే నా లెక్కలో తప్పుంది, మార్చుకుందాం.

గీత దాటితే

145 దగ్గర కెమిస్ట్రీ అవ్వకపోయినా లేచెయ్. మిగిలినవాటికి ఏదో ఒకటి పెట్టి వెళ్లిపో. 105 దగ్గర మ్యాథ్స్ 80వ ప్రశ్న దాకా రాకపోతే, ఎక్కడున్నావో రఫ్ కాగితం మీద నంబరు వేసుకుని ఫిజిక్స్‌కి వెళ్లు. రెండో చుట్టు ఆ నంబరు నుంచే మొదలుపెట్టు, ఎందుకంటే చదవనివాటిలో చిన్నవి ఇంకా ఉంటాయి. 60 గీత మాత్రం ఏమైనా సరే దాటకూడదు.

ఏడో పేపరు ఆదివారం. నాన్న అంబాజీపేట కొబ్బరికాయల లోడుతో వెళ్లాక ఇల్లు ఖాళీగా ఉంటుంది, అప్పుడు కూర్చో. ఈసారి ప్రతి ప్రశ్నకీ టైము రాయొద్దు, అదే రెండు మూడు నిమిషాలు తినేస్తోంది. అయిదు గీతల దగ్గర ఏ ప్రశ్న మీద ఉన్నావో అది చాలు. ఇంకా, మూడు నిమిషాలు దాటిన ప్రతి ప్రశ్న పక్కన ఒక సున్నా చుట్టు. రాత్రి ఫోన్ చేసినప్పుడు మార్కులు తర్వాత చెబుదువు, ముందు సున్నాలు ఎన్నో చెప్పు.

సెంటర్ అమలాపురంలో పడితే ఫర్వాలేదు. కాకినాడ పడితే ముందురోజే యానాం మీదుగా బస్సెక్కి నా దగ్గరికి వచ్చెయ్. నిమిషం లేటైనా లోపలికి రానివ్వరు.

అక్క