వానికి చెప్పకు

అవ్వ ఫోను బియ్యం డబ్బల దొరికింది. బ్యాటరీ పూరీ లెక్క ఉబ్బి, వెనుక మూత లేసి ఉన్నది. ఎవలు పెట్టిన్రో, ఎందుకు పెట్టిన్రో తెల్వదు. తడిస్తె బియ్యంల పెట్టాలని అవ్వకు నేనే ఒకసారి చెప్పిన. అదే యాదికున్నట్టుంది.

సద్దుల బతుకమ్మకు హైదరాబాద్ నుంచి తమ్ముడు వచ్చిండు. ఇద్దరం బండి మీద పరకాల నుంచి హన్మకొండ చౌరస్తకు పోయినం. దారిల ఏం మాట్లాడలే. అవ్వ పోయినంక పెట్టెల ఉండాల్సిన తులంన్నర గొలుసు కనవడలే. నేను వాన్ని అడుగలే, వాడు నన్ను అడుగలే. మా ఆడోళ్లు కూడ అడుగలే. అడుగకపోవుడే ముల్లయింది. రెండేండ్లు.

రిపేరు దుకాణం పిలగాడు ఫోను చూసి, "ఒత్తకున్రి అన్న, అంటుకుంటది" అని బ్యాటరీ మెల్లగ తీసి అవతల పెట్టిండు. వేరేది వేసిండు, చార్జింగ్ పిన్ను మార్చిండు. ఫోను లేసింది. లాక్ అడిగింది.

"అవ్వ ఏం గీస్తుండె?" అన్నడు తమ్ముడు.

ఆమెకు అక్షరం రాదు. దర్వాజ గియ్యమని నేనే నేర్పిన: కింది నుంచి మీదికి, అడ్డం, మళ్ల కిందికి. గీసిన. తెరుచుకున్నది.

వాట్సప్ మాత్రం నంబరు అడిగింది. ఆ సిమ్ము ఎప్పుడో బందయింది. నా ముఖం చూసి పిలగాడు నవ్విండు. "దాంతోని పనిలేదన్న, వాయిస్‌లు ఫైళ్లల్ల ఉంటయి." వాడు WhatsApp Voice Notes అనే ఫోల్డర్ తెరిచిండు. లోపల ఏడాది, వారం నంబర్లతోని ఇంకిన్ని ఫోల్డర్లు. పేర్లన్నీ ఇట్ల:

```
PTT-20211006-WA0002.opus
```

2021 అక్టోబర్ 6. ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ ఆ దినమే. తారీఖు ఉన్నది గని ఎవలకు పంపిందో లేదు. నాకు పంపినయి, వానికి పంపినయి, మేం పంపినయి అన్నీ ఒక్క కుప్పల కలిసి ఉన్నయి.

మొదటిది రెండు సెకండ్లే. "బిడ్డా, నీకో..." అంతే. తర్వాతది, "తిన్నవా? ఇయ్యాల నేను..." ఇద్దరికీ నవ్వొచ్చింది. బటన్ ఒత్తి పట్టాలని ఎంత చెప్పినా, సగం మాట కాంగనే ఏలు తీస్తుండె. మిగిలిన సగం ఉత్త గాలికి చెప్పుకునేది. ఆ సగాలన్నీ యాడ పోయినయో!

ఒకటి పదకొండు నిమిషాలుంది. ఏలు మీదికి జరిగి తాళం పడ్డట్టుంది, ఆమెకు తెల్వదు. చీపురు చప్పుడు. "ఓయ్, పో అవతలికి" అని కోడిని తిట్టుడు. గునుగు పువ్వు కోసుకొస్తుంటె పాము కనవడ్డదని పక్కింటామెకు చెప్పుడు. చాటల ఏదో చెరిగింది, నువ్వులో పల్లీలో తెల్వలే. నడుమ నడుమ "ఉయ్యాలో" అని సన్నగ రాగం. ఆఖరుకు, "ఇదేంది, ఇంక ఎర్రగ మండుతనే ఉన్నది?" పిలగాడు షట్టర్ సగం దించి, మమ్ముల లెమ్మనలేక స్టూలు మీద కూసున్నడు.

ఇంకొకటి పెట్టిండు. అవ్వ గొంతు చిన్నగ, ఎవలో ఇంటరన్నట్టు:

"సేటు కాడ పెట్టిన బిడ్డా. పైసలు రేపిస్తడు. నువ్వు అడిగినవని వానికి చెప్పలే. నువ్వు గూడ వానికి చెప్పకు."

ఈసారి మాట సగంల తెగలే. ఏలు గట్టిగనే పట్టింది.

నా చెవులు ఎర్రగయినయి. ఆ ఏడు మిర్చికి తెగులొచ్చింది, మందుల దుకాణంల బాకీ పడ్డ. అడిగింది నేనే. తమ్ముడు ఇప్పుడు నా దిక్కు చూస్తడనుకున్న. వాడు నేల దిక్కు చూస్తుండు. బొటనవేలితోని చెప్పు పట్టీ గెలుకుతుండు.

"మళ్ల పెట్టాల్నా అన్న?" అన్నడు పిలగాడు.

"వద్దు" అన్నం, ఇద్దరం ఒక్కసారే.

ఫైళ్లన్నీ మా రెండు ఫోన్లకు ఎక్కించుకొని, పైసలిచ్చి బయటికొచ్చినం. చౌరస్తల పూలమ్మేటోళ్లు మిగిలిన తంగేడు కట్టలు సర్దుకుంటున్రు. బండి నేను నడుపుతున్న, వాడు వెనుక. గూడెప్పాడ్ దాటినంక గాలిల వాని మాట ఇనవడ్డది.

"ఎంత?"

ఇననట్టు ఉందామనుకున్న. అయితలే.

"ముప్పై."

కొంతదూరం పోయినం. ఎదురుంగ లారీ ఒకటి లైటు కొట్టుకుంట పోయింది.

"నాకు ఇరవై అయిదు" అన్నడు.