శనివారం ఫిట్‌నెస్ పీరియడ్ గురించి, ఆట బట్టల గురించి తల్లిదండ్రులకు

జూన్ 22, 2026
అమలాపురం దగ్గర

అమ్మలకూ నాన్నలకూ, మనవల్ని బడికి దింపే తాతలకూ మామ్మలకూ నమస్కారమండి.

జులై 4 నుంచి ప్రతి శనివారం మన హైస్కూల్లో ఆరు నుంచి పది తరగతుల పిల్లలందరికీ ఫిట్‌నెస్ క్లాసు ఉంటుంది. పొద్దున మొదటి రెండు పీరియడ్లు, అంటే 9 గంటల నుంచి 10:20 దాకా. ఇది మామూలు గేమ్స్ పీరియడ్ కాదు. గేమ్స్ పీరియడ్లో బాగా ఆడేవాళ్ళు పదిమంది ఆడతారు, మిగతావాళ్ళు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, ఏళ్ళ తరబడి అదే నడుస్తోంది. శనివారం మాత్రం ఎవరూ కూర్చోరు. పది నిమిషాలు వార్మప్, తర్వాత పరుగు, తాడాట, గుంజీలు, పుషప్స్, ప్లాంక్, ఆపైన ఖోఖో గానీ కబడ్డీ గానీ, చివర్లో ఒళ్ళు సాగదీయడం. వానొస్తే వరండాలో సూర్య నమస్కారాలు.

మొదటి రెండు వారాలూ టెస్టులే. ఖేలో ఇండియాలో చేయించే టెస్టులే ఇక్కడా చేయిస్తాం: ఎత్తు, బరువు, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, పుషప్స్, కూర్చుని ముందుకు వంగి వేళ్ళు ఎంత దూరం అందుతాయో చూడటం. మార్కులుండవు, ర్యాంకులుండవు. ఎవరి కార్డు వాళ్ళకే ఇస్తాం, డిసెంబర్లో మళ్ళీ చేయించి జులై అంకెల పక్కన రాస్తాం. పక్కింటి కుర్రాడి కార్డుతో దయచేసి పోల్చకండి.

"మావాడు రోజూ సైకిల్ తొక్కుకుంటూ వస్తాడు, సెలవొస్తే చేలో పనిచేస్తాడు, వాడికెందుకండీ ఎక్సర్‌సైజు" అని కొందరు ఇప్పటికే అడిగారు. అలాంటి పిల్లలకు కాళ్ళలో బలం బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ గోడకు ఆనుకోకుండా పది పుషప్స్ తీయమంటే తీయలేరు, మోకాళ్ళు వంచకుండా నేల ముట్టుకోమంటే సగంలో ఆగిపోతారు. ఇక ఆటోలో వచ్చి ఆటోలో వెళ్ళి, ఇంటికెళ్ళాక ఫోను పట్టుకునే పిల్లల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు కదలాలని, ఎముకలకూ కండరాలకూ బలమిచ్చే పని వారానికి మూడు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి ఎనభై నిమిషాలతో అది తీరదు. అందుకే ఇంటి దగ్గర చేయడానికి కూడా కొంచెం హోంవర్క్ ఇస్తాను, పావుగంట తాడాట లాంటిది. పదో తరగతి తల్లిదండ్రులకు వేరే టెన్షన్ ఉంటుందని తెలుసు. పోయిన రెండు పీరియడ్ల పాఠం సాయంత్రం స్టడీ అవర్లో చెప్పించేటట్టు సబ్జెక్టు టీచర్లతో మాట్లాడాం.

ఇప్పుడు బట్టల విషయం. అసలు ఈ ఉత్తరం రాసింది దీనికోసమే.

యూనిఫాంతో ఫిట్‌నెస్ క్లాసు కుదరదండి. మనది గోదావరి ఒండ్రు నేల, ఒక్క వాన పడితే గ్రౌండంతా జిగట. హవాయి చెప్పులతో పరిగెత్తితే చెప్పు మట్టిలో ఉండిపోతుంది, కాలు ముందుకెళ్తుంది, పిల్లాడు బోర్లా పడతాడు. కిట్లో ఇచ్చిన నల్ల బూట్లు క్లాసుకు బాగుంటాయి గానీ వాటి అడుగు నున్నగా ఉంటుంది, మలుపు దగ్గర జారుతుంది, మడమ బెణుకుతుంది. యూనిఫాం ప్యాంటు గుంజీ తీయగానే పిర్ర దగ్గర కుట్టు ఊడుతుంది, ఆ తర్వాత ఆ కుర్రాడు రోజంతా చొక్కా బయటికి లాక్కుని, గోడకు వీపు ఆనించి నిలబడతాడు. ఆడపిల్లలైతే ఒక చేత్తో చున్నీ పట్టుకునే పరిగెత్తుతారు. పోయినేడాది ఖోఖోలో ఒక అమ్మాయి చున్నీ స్తంభానికి చుట్టుకుంది, మెడ దగ్గర ఎర్రగా చార పడింది, అంతకన్నా ఏమీ కాకపోవడం అదృష్టం. చున్నీ కింద పెట్టి ఆడమని ఆ పిల్లకు చెప్పడం కాదు పరిష్కారం, చున్నీ అవసరం లేని వదులు టీషర్టు వేసి పంపడం.

ఇంకోటి, చెమట. మన దగ్గర గాల్లోనే తేమ, కారిన చెమట ఒక పట్టాన ఆరదు. మందపాటి కాటన్ చొక్కా అయితే చెమటంతా పీల్చుకుని సాయంత్రం దాకా ఒంటికి అంటుకునే ఉంటుంది, అదే తడితో క్లాసులో కూర్చుంటే చెమటకాయలు, తొడల సందుల్లో తామర. ఈ పిల్లల్లో తామర ఎంత ఉందో నాకు తెలుసు, సిగ్గుపడి చెప్పరు. అందుకని తొందరగా ఆరే పల్చటి టీషర్టు, సాగే ట్రాక్ ప్యాంటు, గ్రిప్ ఉన్న స్పోర్ట్స్ షూ, సాక్సులు. క్లాసు అయ్యాక మార్చుకోవడానికి యూనిఫాం సంచిలో పెట్టి పంపండి, చిన్న తువ్వాలు కూడా. లంకల నుంచి పంటు మీద వచ్చే పిల్లలు బట్టలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటే మంచిది.

ఆడపిల్లలకు ఫుల్ ట్రాక్ ప్యాంటు, మోచేతుల దాకా చేతులున్న వదులు టీషర్టు బాగుంటుంది, షార్ట్స్ వేయమని ఎవర్నీ అడగం. పెద్ద తరగతుల అమ్మాయిల లోదుస్తుల గురించి అమ్మలతో మన సైన్స్ మేడమ్ విడిగా మాట్లాడతారు, ఆ మాట నాన్నల మీటింగులో తేను. నెలసరి రోజుల్లో ఓపిక లేకపోతే మేడమ్‌కి ఒక్క మాట చెబితే చాలు, కారణం నేను అడగను. పట్టీలు, గాజులు, వేలాడే చెవి రింగులు శనివారం ఇంట్లోనే ఉంచండి. బంగారం పోయిందంటే వెతకడానికి ఆ మట్టిలో నావల్ల కాదు.

డబ్బు సంగతి. కంపెనీ పేరున్నవి కొనొద్దు, నిజంగా చెబుతున్నాను. సంతలో మూడు వందలకు దొరికే ట్రాక్ ప్యాంటు సరిపోతుంది, అన్నది తమ్ముడు వేసుకున్నా సరిపోతుంది. రంగు ఏదైనా పర్లేదు, తెలుపు తప్ప, ఎందుకంటే మన మట్టి మరక ఉతికేది మీరే. బట్టల్లో ఏదైనా సర్దుకోవచ్చు గానీ బూట్ల దగ్గర మాత్రం సర్దుకోకండి. పిల్లాణ్ణి తీసుకెళ్ళి, సాక్సు వేయించి, నిలబెట్టి చూడండి, ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. "పెరిగే పిల్లాడు కదా" అని రెండు సైజులు పెద్దవి కొంటే చెప్పులతో వచ్చినట్టే లెక్క. ఇప్పుడు కొనడం కష్టమైతే నాకు గానీ హెడ్మాస్టారికి గానీ చెప్పండి, పాత విద్యార్థులు ఇచ్చిన బూట్లు కొన్ని స్టాఫ్ రూములో ఉన్నాయి, ఎవరికిచ్చామో మూడో మనిషికి తెలియదు. బట్టలు లేవని ఏ పిల్లనీ పక్కన కూర్చోబెట్టం, ఆ రోజుకు నడక, స్ట్రెచింగ్ చేయిస్తాం.

శనివారం ఖాళీ కడుపుతో పంపకండి. ఏడున్నరకల్లా రెండు ఇడ్లీలో ఓ అరటిపండో చాలు, కడుపునిండా తిని వస్తే పరుగులో వాంతి చేసుకుంటారు. సీసాలో మంచినీళ్ళు, వీలైతే ఉప్పేసిన పల్చటి మజ్జిగ. ఉబ్బసం, గుండె జబ్బు, ఫిట్స్, ఎప్పుడో ఎముక విరగడం లాంటివి ఉంటే దాచకండి. ఇన్‌హేలర్ వాడే పిల్లలు అది జేబులో పెట్టుకునే రావాలి. అన్నట్టు, గ్రౌండు పక్క కొబ్బరిచెట్ల నీడ చల్లగా ఉంటుందని ఎవరూ ఆ కింద నిలబడకూడదని ఇప్పుడే గీత గీయించాను, బొండాం ఎప్పుడు రాలుతుందో ఎవరికి తెలుసు.

మన అమలాపురం నుంచే సాత్విక్ సాయిరాజ్ వెళ్ళి ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు కాబట్టి మావాణ్ణి కూడా అలా తయారుచేస్తారా అని అడిగేవాళ్ళుంటారు. ఈ క్లాసు దానికోసం కాదండి. అలాంటి ఆసక్తి ఉన్న పిల్లలుంటే విడిగా నన్ను కలవండి, సాయంత్రాలు వేరే మాట్లాడుకుందాం.

27వ తేదీ శనివారం సాయంత్రం నాలుగున్నరకు బడిలో మీటింగు పెట్టాం, ట్రాక్ ప్యాంటు, బూట్లు ఎలా ఉండాలో నమూనా చూపిస్తాను. రాలేనివాళ్ళు పిల్లల డైరీలో "చదివాను" అని రాసి, ఆరోగ్య సమస్య ఏదైనా ఉంటే అదీ రాసి, సంతకం పెట్టి జులై 1 లోపు పంపండి. ఉత్తరం చదవడం కష్టమైనవాళ్ళకు పిల్లలే చదివి వినిపించాలని క్లాసులో చెప్పాను, కొబ్బరిచెట్ల దగ్గర గీత సంగతి వదిలేసి చదివితే నాకు చెప్పండి.

ఇట్లు,
మీ పిల్లల పీఈటీ మాస్టారు