పేపర్‌కీ పేపర్‌కీ మధ్య: తమ్ముడికి రోజువారీ ప్లాన్

తమ్ముడూ, ఇంటర్ సెకండియర్ పరీక్షల మధ్య గ్యాప్‌ల కోసం నువ్వు ఫోన్లో అడిగిన ప్లాన్ ఇది. ప్రింట్ తీసి నీ టేబుల్ ఎదురుగా గోడకు అంటించుకో. అమ్మకు ఒక కాపీ ఇవ్వు, ఇందులో సగం పని అమ్మ చేతిలోనే ఉంది.

గురువారం సంస్కృతం, శనివారం ఇంగ్లిష్, మంగళవారం మ్యాథ్స్ 2ఏ, గురువారం 2బీ, శనివారం ఫిజిక్స్, ఆపై మంగళవారం కెమిస్ట్రీ. మధ్య రోజుల్లో ఫస్టియర్ వాళ్లు రాస్తారు. నీకు ఫస్టియర్‌వి ఏవీ మిగల్లేదు కాబట్టి ప్రతి గ్యాప్‌లోనూ ఒక మధ్యాహ్నం, ఒక సాయంత్రం, ఒక పూర్తి రోజు నీవే. ఆదివారం కలిసొచ్చే రెండు గ్యాప్‌లలో ఇంకో రోజు ఎక్కువ. నువ్వు ఏడాదంతా చదివినవాడివి. ఈ గ్యాప్ కొత్తగా నేర్చుకోవడానికి కాదు, చదివినదాన్ని చేతికి అందేలా పెట్టుకోవడానికి. ఇప్పటిదాకా ముట్టుకోని చాప్టర్ ఏదైనా ఉంటే దాన్ని ఇప్పుడు తెరవకు. చాయిస్ ఉన్న పేపర్లే ఇవన్నీ.

పరీక్ష రాసిన రోజు (ప్రతి పేపర్‌కీ ఇదే)

పన్నెండింటికి బెల్ కొట్టాక గేటు దగ్గర నిలబడి ఆన్సర్లు సరిచూసుకోవద్దు. నీ ఫ్రెండ్స్‌కి ముందే చెప్పేయి, "కెమిస్ట్రీ అయ్యాక అన్నీ మాట్లాడుకుందాం" అని. రెండు మార్కుల ప్రశ్న తప్పు రాశావని తెలిస్తే నీకు ఒరిగేది ఏమీ లేదు, పోయేది మాత్రం ఆ సాయంత్రం. నాన్న కాజీపేట సెంటర్ దగ్గరికి బండి మీద వస్తారు, ఎక్కి ఇంటికి వచ్చేయి. క్వశ్చన్ పేపర్ అమ్మకిచ్చేయి, బీరువాలో పెడుతుంది. నాన్నా, మీరు కూడా దారిలో "ఎలా రాశావు" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి, "ఎన్ని మార్కులొస్తాయి" అని మాత్రం అడగకండి.

ఒంటిగంటకు భోజనం. పప్పు, కూర, చివర్లో పెరుగన్నం చాలు. మార్చి ఎండలో వచ్చి బిర్యానీ తింటే మధ్యాహ్నమంతా మత్తుగా ఉంటుంది. బయటి పానీపూరీ, ఐస్ గోలా ఈ రెండు వారాలు వద్దు. కడుపు పాడైతే ఈ ప్లాన్ మొత్తం పోతుంది.

రెండు నుంచి మూడు దాకా పడుకో. ఫోన్ అమ్మ గదిలో, అలారం గడియారం నీ దగ్గర. మూడు గంటలు ఆపకుండా రాసిన చెయ్యికీ తలకూ ఆ గంట కావాలి. దీన్ని చదువులో భాగమే అనుకో, దొంగతనంగా నిద్రపోతున్నట్టు ఫీల్ అవ్వకు. నాలుగు దాటాక మాత్రం పడుకోవద్దు, రాత్రి నిద్ర పట్టదు.

లేచి మొహం కడుక్కుని, టీ తాగి, నాలుగున్నరకు కూర్చో. ఆ సాయంత్రం చేయాల్సింది ఒకటే: తర్వాతి సబ్జెక్ట్ చాప్టర్లన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన "వచ్చు", "తడబడతా", "రాదు" అని పెట్టుకో. నిజాయితీగా పెట్టు, ఎవరూ చూడరు. ఏడింటిదాకా "వచ్చు" అన్నవాటినే తిరగెయ్యి. అలసిన రోజు తేలికైనవి ముందు అయితే మర్నాడు పొద్దున తాజాగా ఉన్నప్పుడు "తడబడతా" అన్నవాటి మీద కూర్చోవచ్చు. ఏడు నుంచి ఎనిమిది దాకా మేడ మీద నడక, తర్వాత భోజనం, తొమ్మిదిన్నరకు పక్క ఎక్కు.

గురువారం సాయంత్రం, శుక్రవారం: ఇంగ్లిష్ కోసం

దీనికి పెద్దగా చెప్పను, నీకు ఇంగ్లిష్ భయం లేదు. శుక్రవారం పొద్దున పాఠాలు, పోయెమ్స్ సారాంశాలు ఒకసారి చదువు. మధ్యాహ్నం గ్రామర్, లెటర్ నమూనాలు. ఒక లెటర్ పూర్తిగా చేత్తో రాయి, చూసి వదిలేయొద్దు. సాయంత్రం అరగంట 2ఏ ఫార్ములా పుస్తకం తిరగేసి పడుకో.

శనివారం సాయంత్రం, ఆదివారం, సోమవారం: 2ఏ కోసం

ఈ గ్యాప్ పెద్దది, అందుకే ఇందులో టైమ్ ఎక్కువ పోతుంది. రెండు రోజులున్నాయి కదా అని ఆదివారం పదింటికి లేస్తే సోమవారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చోవాల్సి వస్తుంది. ఆదివారం కూడా ఆరింటికే లే.

పేపర్ లెక్క నీకు తెలుసు: రెండు మార్కులవి పదీ రాయాలి, నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు. మొత్తం 75. రెండు మార్కుల వాటిలో చాయిస్ లేదు కాబట్టి ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా అన్ని చాప్టర్ల నుంచి అవే. టిఫిన్ తర్వాత పది నుంచి ఒంటిగంట దాకా బైనామియల్. అందులోంచి ఏడు మార్కులవి రెండు వస్తాయి, అంటే 14 మార్కులు. ఇన్‌ఫినిట్ సిరీస్ మొత్తం కనుక్కునే లెక్కలు నాలుగైదు పుస్తకం మూసి చెయ్యి. సాయంత్రం డిస్పర్షన్. టేబుల్ వేసి చేసే ఆ లెక్కలో కొత్తగా ఆలోచించాల్సింది లేదు, కూడికల్లో జాగ్రత్తగా ఉంటే ఏడుకు ఏడూ వస్తాయి. చాలామంది బోర్ అని వదిలేస్తారు, నువ్వు వదలకు.

ఆదివారం రాత్రి ఎనిమిది తర్వాత పుస్తకం వద్దు. నాతో వీడియో కాల్ మాట్లాడు, అమ్మమ్మతో కూర్చో, క్రికెట్ ఉంటే ఒక గంట చూడు.

సోమవారం పొద్దున డీమోయివర్స్, థియరీ ఆఫ్ ఈక్వేషన్స్, ర్యాండమ్ వేరియబుల్స్. మధ్యాహ్నం నాలుగు మార్కుల వాటిలో పర్ముటేషన్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్, ప్రాబబిలిటీ. మూడు నుంచి ఆరు దాకా పాత పేపర్ ఒకటి గడియారం పెట్టుకుని మొత్తం రాయి. తప్పులు చూసుకుని ఆపేయి. ఏడింటి తర్వాత కొత్త లెక్క ఒక్కటీ పట్టుకోకు. ఆ టైమ్‌లో ఒక లెక్క రాకపోతే మిగతావన్నీ రానట్టే అనిపిస్తుంది, అది నిజం కాదు.

మంగళవారం సాయంత్రం, బుధవారం: 2బీ కోసం

అన్నింటికంటే కష్టమైన గ్యాప్ ఇదే. ఒక మ్యాథ్స్ రాసొచ్చి ఇంకో మ్యాథ్స్ తియ్యాలి, మధ్యలో ఒకే ఒక్క రోజు. అందుకే మంగళవారం మధ్యాహ్నం నిద్ర అస్సలు వదలకు. లేచాక ఇంటిగ్రేషన్ ఫార్ములాలు ఒక ఎ4 కాగితానికి రెండు వైపులా చూడకుండా రాయి, తర్వాత పుస్తకంతో పోల్చి తప్పిన వాటికి ఎర్ర పెన్నుతో గీత పెట్టు. ఆ ఎర్ర గీతలే బుధవారం నీ సిలబస్.

బుధవారం పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంటిగ్రేషన్, డెఫినిట్ ఇంటిగ్రల్స్. నువ్వు ప్రతిసారీ తడబడే `∫₀^(π/4) log(1 + tan x) dx` ఉంది కదా, దాన్ని స్టెప్పులతో మూడుసార్లు రాయి. `x` బదులు `π/4 − x` పెట్టగానే సగం లెక్క అయిపోతుంది, జవాబు `(π/8) log 2`. ఇండెఫినిట్ వాటిలో చివర `+ c` మర్చిపోవద్దు, నీకు ప్రీఫైనల్‌లో అక్కడే మార్కు పోయింది. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా సర్కిల్స్: నాలుగు పాయింట్లు కన్‌సైక్లిక్ అని చూపించేవి, కామన్ టాంజెంట్లు. ఇందులోంచి కూడా ఏడు మార్కులవి రెండు వస్తాయి. మధ్యాహ్నం ఒక గంట పారాబోలా, `y² = 4ax` డెరివేషన్ బొమ్మతో సహా. తర్వాత ఎలిప్స్, హైపర్‌బోలా ఫార్ములాలు, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో హోమోజీనియస్, లీనియర్ రకాలు రెండేసి. ఈ గ్యాప్‌లో ఫుల్ పేపర్ రాయవద్దు. మర్నాడు మళ్లీ మూడు గంటలు రాయాలి, చెయ్యికి రెస్ట్ కావాలి.

బుధవారం రాత్రి పదికల్లా దీపం ఆర్పేయాలి. మీ క్లాసులో నైటవుట్లు చేసేవాళ్ల గురించి చెప్పావు. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. రాత్రంతా మేలుకున్నవాడికి ఫార్ములా గుర్తున్నా గుణకారం తప్పుతుంది. 2బీలో ఒక గుర్తు అటుఇటు అయితే కింద పేజీ మొత్తం తప్పు. నిద్ర పట్టకపోతే లేచి లైటు వేయకు, కళ్లు మూసుకుని పడుకో, అది కూడా విశ్రాంతే. మరీ గాభరాగా ఉంటే అమ్మను లేపు. నాకు ఫోన్ చేసినా సరే, ఎంత రాత్రైనా ఎత్తుతాను.

గురువారం సాయంత్రం, శుక్రవారం: ఫిజిక్స్ కోసం

ఈ రోజుకి అలసట పేరుకుపోయి ఉంటుంది. గురువారం నాలుగున్నరకు బదులు ఐదున్నరకు కూర్చున్నా పర్వాలేదు. ఫిజిక్స్ 60 మార్కులకే: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఎనిమిదింట్లో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు. పెద్ద ప్రశ్నలు వేవ్స్, కరెంట్ ఎలక్ట్రిసిటీ, న్యూక్లియై నుంచి వస్తాయి. శుక్రవారం పొద్దున వేవ్స్‌లో ఓపెన్, క్లోజ్డ్ పైపులు, డాప్లర్ ఎఫెక్ట్; కరెంట్‌లో కిర్కాఫ్ లాస్, వీట్‌స్టోన్ బ్రిడ్జ్. బొమ్మలు పెన్సిల్‌తో గీసి పేర్లు పెట్టు. మధ్యాహ్నం నుంచి నాలుగు మార్కులవి, సాయంత్రం రెండు మార్కులవి గట్టిగా పైకి చదువు. అమ్మమ్మకు అర్థం కాకపోయినా వింటుంది, ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పు.

శనివారం సాయంత్రం, ఆదివారం, సోమవారం: కెమిస్ట్రీ కోసం

శనివారం సాయంత్రం పూర్తిగా సెలవు. పుస్తకం ముట్టుకోకు, నాన్నతో భద్రకాళి చెరువు గట్టు దాకా వెళ్లి రా. ఆదివారం ఫిజికల్ కెమిస్ట్రీ: సొల్యూషన్స్, ఎలక్ట్రోకెమిస్ట్రీ, కైనెటిక్స్. మధ్యాహ్నం ఇనార్గానిక్, చదవడానికి విసుగ్గా ఉంటుంది కాబట్టి నలభై నిమిషాలకోసారి లే. సోమవారం మొత్తం ఆర్గానిక్‌కే. ఆల్డాల్, కానిజారో, విలియమ్సన్, రైమర్-టీమన్, సాండ్‌మేయర్: ఒక్కో రియాక్షన్ ఒక్కో చిన్న కాగితం మీద, ముందు పేరు, వెనక సమీకరణం. సాయంత్రం అమ్మ పేరు చదివితే నువ్వు సమీకరణం రాయి.

ఈఏపీసెట్, జేఈఈ పుస్తకాలు కెమిస్ట్రీ అయ్యేదాకా అట్టపెట్టెలోనే. కాలేజీ వాళ్లు మధ్యలో టెస్ట్ పెడతామన్నా వెళ్లకు, నాన్న మాట్లాడతారు.

పరీక్ష పొద్దున ఐదున్నరకు లేచి, ఫార్ములా కాగితం ఒక్కటే చూసి, ఏడుకు ఇడ్లీ తిని, ఏడున్నరకు బయల్దేరు. ఎనిమిదిన్నరకల్లా సెంటర్‌లో ఉండాలి. హాల్‌టికెట్, రెండు పెన్నులు, పెన్సిల్, స్కేలు ముందురాత్రే ప్యాడ్‌కి క్లిప్ చేసి పెట్టు. అమ్మా, నీళ్ల సీసా లేబుల్ తీసేసినది ఇవ్వు.

కెమిస్ట్రీ అయిన మంగళవారం సాయంత్రం బస్సుకి నేను ఇంటికొస్తున్నాను. బీరువాలోంచి ఆరు పేపర్లూ తీసి, అప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.