ఏది ఏ లేయర్‌ది? జతపరిచే ప్రశ్నలు, రాయగడ బ్యాచ్‌కి

ఆదివారం టెస్టుకి ముందు ఇవి చేసుకుని రండి. మనకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పేపరేమో ఇంగ్లిష్‌లో, అందుకని ప్రోటోకాల్ పేర్లు పేపర్లో ఎలా పడతాయో అలాగే పలుకుతూ చేయండి. విడిగా చెప్పకపోతే ఏడు లేయర్ల ఓఎస్ఐ మోడలే లెక్క. పేరుని బట్టీ పట్టొద్దు. ఆ హెడర్‌ని దారిలో ఎవరు విప్పి చదువుతారో అడగండి, సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

ప్రశ్న 1. జతపరచండి. ఒకే జవాబు రెండుసార్లు రావచ్చు.

అ) యూడీపీ, ఆ) పీపీపీ, ఇ) ఐసీఎంపీ, ఈ) ఎస్ఎంటీపీ, ఉ) ఓఎస్‌పీఎఫ్

1) అప్లికేషన్, 2) నెట్‌వర్క్, 3) డేటా లింక్, 4) ట్రాన్స్‌పోర్ట్

జవాబు: అ-4, ఆ-3, ఇ-2, ఈ-1, ఉ-2.

ఇందులో మార్కులు పోయేది ఐసీఎంపీ దగ్గరే. టీసీపీకి 6, యూడీపీకి 17 ఉన్నట్టే దీనికీ ఐపీ హెడర్‌లో 1 అని ప్రోటోకాల్ నంబరు ఉంటుంది, ఐపీ ప్యాకెట్ లోపలే కూర్చుని వెళ్తుంది, దాంతో ఇదీ ట్రాన్స్‌పోర్టే అనిపిస్తుంది. కానీ ఇది ఏ అప్లికేషన్ డేటానీ మోయదు. ప్యాకెట్ చేరలేదనో, దారి లేదనో ఐపీ తరఫున కబురు చెప్తుంది, అంతే. నమ్మకం లేకపోతే `ping 8.8.8.8` కొట్టి చూడండి, పోర్టు నంబరు ఇవ్వడానికి చోటే ఉండదు.

ప్రశ్న 2. గుణుపురంలో ఒకమ్మాయి ల్యాప్‌టాప్‌లో కాలేజీ సైటు తెరిచి ఉంది. ఆమెకి రెండు కమాండ్లలో కనిపించిన వరసలు ఇవి. ఏ అడ్రస్ ఏ లేయర్‌ది? ఎన్ని బిట్లు?

```
Physical Address. . . : 02-1A-7F-09-4C-D3
IPv4 Address. . . . . : 192.168.1.14
TCP  192.168.1.14:51324  203.0.113.25:443
```

జవాబు: మొదటిది మ్యాక్ అడ్రస్, డేటా లింక్, 48 బిట్లు. విండోస్ దాన్ని `Physical Address` అని చూపిస్తుంది కాబట్టి చాలామంది ఫిజికల్ లేయర్ అని టిక్కు పెట్టేసి వస్తారు. ఫిజికల్ లేయర్‌కి అసలు అడ్రసే లేదు, అక్కడుండేది కరెంటు, కాంతి, రేడియో సిగ్నల్. రెండోది నెట్‌వర్క్, 32 బిట్లు (ఐపీవీ6 అయితే 128). మూడో వరసలో కోలన్ తర్వాత ఉన్న 51324, 443 పోర్టు నంబర్లు, ట్రాన్స్‌పోర్ట్, ఒక్కొక్కటీ 16 బిట్లు, అందుకే 65535 దాటి పోర్టు ఉండదు.

ప్రశ్న 3. రాయగడలో కంప్యూటర్ నుంచి విశాఖపట్నంలో సర్వర్‌కి ప్యాకెట్ మూడు రౌటర్లు దాటి వెళ్తోంది, లింకులన్నీ ఈథర్నెట్, నాట్ ఎక్కడా లేదు. ప్రతి రౌటర్ దగ్గరా మారే అడ్రస్ ఏది, మారనిది ఏది?

జవాబు: మ్యాక్ మారుతుంది, ఐపీ మారదు, పోర్టు కూడా మారదు. రౌటర్ వచ్చిన ఫ్రేమ్‌ని విప్పేసి, ఐపీ చూసి తర్వాతి గడప ఎవరిదో తేల్చుకుని, తన మ్యాక్‌తో కొత్త ఫ్రేమ్ కడుతుంది. రాయగడ కంప్యూటర్‌కి సర్వర్ మ్యాక్ ఎప్పటికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ప్రశ్న 4. ఏఆర్‌పీ ఏ లేయర్?

ఇది పేపర్ సెట్ చేసేవాళ్లకీ తలనొప్పే. ఐపీ తెలిసినప్పుడు మ్యాక్ కనుక్కోవడం దీని పని, అంటే ఒక కాలు మూడో లేయర్‌లో, ఇంకో కాలు రెండో లేయర్‌లో. కొన్ని పుస్తకాలు నెట్‌వర్క్ అంటాయి. నన్నడిగితే డేటా లింక్: ఇది ఐపీ హెడర్ లేకుండా నేరుగా ఈథర్నెట్ ఫ్రేమ్‌లో `0x0806` అనే టైపుతో వెళ్తుంది, రౌటర్ దాటి పోదు. పరీక్షలో మాత్రం మీ సిలబస్ పుస్తకం ఏమంటే అదే రాయండి, హాల్లో వాదన పెట్టుకోకండి.

ప్రశ్న 5. డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్, బీజీపీ: ఈ మూడింటినీ లేయర్‌తో, అవి వాడే పోర్టుతో జతపరచండి.

జవాబు: మూడూ అప్లికేషనే. డీహెచ్‌సీపీ యూడీపీ మీద 67, 68. డీఎన్ఎస్ 53, మామూలుగా యూడీపీ, పెద్ద జవాబులకి టీసీపీ. బీజీపీ టీసీపీ 179. డీహెచ్‌సీపీ ఐపీ అడ్రస్ పంచుతుంది కదా అని నెట్‌వర్క్‌లో పెట్టొద్దు. బీజీపీ చేసేది రౌటింగ్ పనే అయినా టీసీపీ మీద కూర్చుంది, అదే ఓఎస్‌పీఎఫ్ అయితే పోర్టు ఊసే లేకుండా ఐపీ మీదే (నంబరు 89) నడుస్తుంది, అందుకే మొదటి ప్రశ్నలో దాన్ని నెట్‌వర్క్‌కి ఇచ్చాను.

ప్రశ్న 6. హబ్, స్విచ్, రౌటర్?

ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, అదే వరసలో. ఇది వదులుకోకూడని మార్కు.

ప్రశ్న 7. ఆస్కీ, జేపెగ్ ఓఎస్ఐలో ఏ లేయర్? అవే నాలుగు లేయర్ల టీసీపీ/ఐపీ మోడల్‌లో?

జవాబు: ఓఎస్ఐలో ప్రెజెంటేషన్. నాలుగు లేయర్లదాంట్లో ప్రెజెంటేషన్, సెషన్ రెండూ విడిగా లేవు, అప్లికేషన్‌లోనే కలిసిపోయాయి, కాబట్టి అప్లికేషన్. ప్రశ్నలో ఏ మోడలో చూడకుండా పెన్ను పెట్టకండి.