మూర్తి సార్ క్యారికేచర్ గురించి

విశాఖపట్నం,
12-6-2025

శ్రీనివాస్ గారికి,
నమస్కారం.

మొన్న ఫోన్లో మాట్లాడిన విషయమే, ఇప్పుడు కమిటీ తరఫున వివరంగా రాస్తున్నాను. మా జియాలజీ ప్రొఫెసర్ మూర్తి సార్ జూలై 31న రిటైర్ అవుతున్నారు. బయట ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ వీలు చూసుకుని ఆగస్టు 2, శనివారం సాయంత్రం వీడ్కోలు సభ పెట్టుకున్నాం. శాలువాలూ వెండి జ్ఞాపికలూ సార్ ఇంట్లో ఇప్పటికే ఒక బీరువా నిండా ఉన్నాయి. అందుకే మీ చేత ఆయన బొమ్మ వేయించి ఇవ్వాలని అందరం అనుకున్నాం.

సార్ ఎలా ఉంటారో ఫొటోలు చెబుతాయి. ఎలాంటి మనిషో మేం చెప్పాలి. ఫీల్డ్ ట్రిప్‌లో ఎవరైనా రాయిని చూసి చూడగానే పేరు చెప్పేస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "ఏటిరా, రాయిని పలకరించకుండానే పేరు పెట్టేస్తన్నావు?" అనేవారు. ఆయన పలకరింపు ఎలా ఉంటుందంటే, ముందు కళ్ళజోడు నుదుటి మీదకి తోస్తారు. రాయి ముక్కకి కాస్త ఉమ్మి తడి అద్దుతారు, తడిస్తే లోపలి గింజలు బాగా తేలతాయని. తర్వాత లెన్స్ కంటికి ఆనించుకుని, రాయిని ముక్కు దాకా తెచ్చుకుని, ఒక కన్ను మూసి, నోరు కొంచెం తెరిచి అలా ఉండిపోతారు. వెనక బస్సు హారన్ కొట్టినా ఈ లోకంలో ఉండరు. మాకు ఆ క్షణం కావాలి. ఆరు ఫొటోలు పంపుతున్నాను. వాటిలో అరకు దారిలో తీసినది దానికి దగ్గరగా ఉంది, మిగతావన్నీ కెమెరాను చూసి బిగుసుకుపోయినవి.

వెనకాల భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు వేయండి. అవి గుండ్రటి గుట్టలు కావు, వాన నీళ్ళు కోసేసిన ఎర్రటి గోడలు, మధ్యలో సందుల్లా లోతైన గండ్లు. డాల్ఫిన్స్ నోస్ కూడా పెడదామని మాలో ఒకరు పట్టుబట్టారు గానీ, అదెక్కడో హార్బర్ పక్క, ఇదెక్కడో భీమిలి దిక్కు. రెండూ ఒకే బొమ్మలో కనిపిస్తే సభలో సగం మంది మ్యాప్ తీస్తారు. వద్దు.

సుత్తి విషయంలో జాగ్రత్త. జియాలజీ సుత్తికి ఒక వైపు చదరపు తల, ఇంకో వైపు మొన ఉంటాయి. మేకులు పీకే వడ్రంగి సుత్తి గీస్తే సభ మొత్తం నవ్వుతుంది, అదీ మనం కోరుకునే నవ్వు కాదు. చేతిలోది ఖోండలైట్, మన విశాఖ కొండల రాయి. ఎర్రబారిన ముక్క, అందులో గార్నెట్ ఎర్ర చుక్కలు. ఒక ముక్క మీకు ఇచ్చి పంపిస్తాను, చూసి వేయవచ్చు.

ఇంకొకటి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ కిందట ఇంకో సార్‌కి ఒకరి చేత ఇలాగే వేయించాం. ఆయన పళ్ళే బొమ్మంతా అయిపోయాయి. సభలో నవ్వారు, ఇంటికెళ్ళాక ఆ ఫ్రేము గోడెక్కలేదని తర్వాత తెలిసింది. మూర్తి సార్ ముక్కు ఎంత పెద్దగానైనా వేయండి, దాని మీద జోకులు ముందు ఆయనే వేస్తారు. పొట్ట కూడా ఫర్వాలేదు. ఈ మధ్య చెవికి మిషన్ పెట్టుకుంటున్నారు, అది మాత్రం బొమ్మలో వద్దు. చేతులు కూడా కాస్త వణుకుతున్నాయి. బొమ్మలో సుత్తి పట్టు గట్టిగా ఉండాలి.

సైజు మీరు చెప్పిన ఏ2, రంగుల్లో. మీరడిగిన 9,000 రూపాయలకు కమిటీ ఒప్పుకుంది. 4,000 అడ్వాన్స్ ఈ ఉత్తరం తెచ్చిన అబ్బాయి చేతికే ఇచ్చాను. మిగతాది బొమ్మ తీసుకునేటప్పుడు ఇస్తాం. జూన్ 28 లోపు పెన్సిల్ స్కెచ్ ఒకటి చూపిస్తే, మార్పులేమైనా ఉంటే ఒకేసారి చెప్పేస్తాం, మాటిమాటికీ విసిగించం. బొమ్మ జూలై 20కి చేతికొస్తే ఫ్రేము మేమే కట్టించుకుంటాం. సార్ ఇల్లు బీచ్‌కి దగ్గర, తేమ ఎక్కువ. అందుకని కాస్త దళసరి కాగితం మీద వేయండి. అద్దం బొమ్మకి అంటుకోకుండా మధ్యలో మౌంట్ పెట్టిస్తాం.

అదే బొమ్మను సభకి వచ్చినవాళ్ళకి పంచడానికి 120 కార్డులుగా అచ్చు వేసుకోవచ్చా? మీ సంతకం అలాగే ఉంచుతాం. దానికి వేరే ఏమైనా ఇవ్వాలంటే మొహమాటపడకుండా చెప్పండి.

సభ అయ్యేదాకా ఈ బొమ్మ ఎక్కడా పోస్ట్ చేయకండి. సార్ ఫేస్‌బుక్‌లో మాకంటే చురుగ్గా ఉంటారు. సందేహం ఏదైనా వస్తే నాకే ఫోన్ చేయండి, వాళ్ళింటికి మాత్రం వద్దు. మేడమ్‌కి తెలుసు గానీ, ఆవిడ కడుపులో మాట దాగదని ఆవిడే చెప్పారు.

ఇట్లు,
రమణ
కార్యదర్శి, పూర్వ విద్యార్థుల కమిటీ

తా.క.: లెన్స్‌కి ఎర్ర దారం కట్టి మెడలో వేసుకుంటారు. అది మెడలోనే ఉంచుకుని బ్యాగంతా వెతుకుతారు. దారం మర్చిపోకండి.